రోజూ ఒక ‘హాయ్’... తర్వాత మౌనం!

95523 00009 నంబరుకి మీరెప్పుడైనా ‘హాయ్’ పెట్టారా? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న మొదలుపెట్టిన ‘మన మిత్ర’ వాట్సాప్ సేవ అది. అక్కడ ‘హాయ్’ అనేది పలకరింపు కాదు, తలుపు తట్టడం. వెంటనే సేవల జాబితా వస్తుంది, కావాల్సింది ఎంచుకోవాలి.

ఇలాంటి సర్వీసు నడిపే సపోర్ట్ టీమ్‌లో మీకు ఉద్యోగం వచ్చిందనుకుందాం. అరసవల్లి నుంచి ఒకాయన రోజూ పొద్దున్నే ‘హాయ్’ పెడుతున్నారు. జాబితా వెళ్తోంది. అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. కాసేపటికి టికెట్ దానంతటదే క్లోజ్ అయిపోతుంది. మర్నాడు కొత్త టికెట్, కొత్త ఏజెంట్. పది రోజుల్లో పది మంది తలో ‘హాయ్’ చూస్తారు కానీ, ఆ వరస ఎవరికీ కనిపించదు. రిపోర్టులో మాత్రం పదింటికి పదీ క్షణాల్లో జవాబిచ్చినట్టే ఉంటుంది!

అందుకే టికెట్ల వారీగా కాకుండా నంబరు వారీగా చూడండి. మొదట టైమ్ గమనించండి. రోజూ సరిగ్గా 8:00:00కే వస్తుంటే అది మనిషి కాకపోవచ్చు, సర్వీసు పనిచేస్తోందో లేదో చూసే ప్రోగ్రామ్ కావచ్చు. ఒకరోజు 7:52, ఇంకోరోజు 8:15 అయితే మనిషే అయ్యే అవకాశం ఎక్కువ.

తర్వాత, మొదటి ‘హాయ్’కి ముందు ఏం జరిగిందో వెతకండి. మన ఉదాహరణలో ఆయన పన్నెండు రోజుల కిందట ఆదాయ ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టారు. ఒక కాపీ అందక అది పెండింగ్‌లో ఉంది. అంటే ఆ ‘హాయ్’కి అర్థం ‘నా పని ఏమైంది బాబూ?’ అని కావచ్చు. ముందు ఏమీ లేకపోతే జాబితా అర్థంకాలేదేమో, లేదా అది ఒట్టి అలవాటేమో. లాగ్ చూసి అది తేల్చలేం. ఒకసారి ఫోన్ చేసి అడగాల్సిందే.

వాట్సాప్ రూల్ ఒకటి ఇక్కడ పనికొస్తుంది. కస్టమర్ చివరి మెసేజ్ తర్వాత 24 గంటల వరకే సంస్థ తన మాటల్లో రాయగలదు. ఆ గడువు దాటితే ముందే ఆమోదం పొందిన టెంప్లేట్లే పంపాలి. ఆయన ‘హాయ్’ రోజూ ఆ గడువును మళ్లీ తెరుస్తోంది. కాబట్టి ఈరోజే రాయండి:

‘నమస్కారమండీ. మీ ఆదాయ ధ్రువపత్రం దరఖాస్తుకి రేషన్ కార్డు కాపీ అందలేదు. ఫొటో తీసి ఇక్కడే పంపండి. ఇబ్బందైతే వాయిస్ మెసేజ్ పెట్టండి, మేమే ఫోన్ చేస్తాం.’

‘మీకు ఎలా సహాయపడగలం?’ అని మళ్లీ అడిగితే బంతి తిరిగి ఆయన కోర్టులోకే వెళ్తుంది. ఫొటో వచ్చి, ‘హాయ్’ ఆగిపోతే మీ ఊహ సరైనదే. పత్రం చేతికి అందాక కూడా ‘హాయ్’ వస్తూనే ఉంటే అది అలవాటే అనుకోవచ్చు. అప్పుడూ బ్లాక్ చేయకండి. ఏదో ఒక రోజు ఆ ‘హాయ్’ వెనక నిజంగానే పని ఉండొచ్చు.