తీగ తెంపవచ్చును, పట్టా తీయరాదు

"సాధ్యము మంచిదైనప్పుడు సాధనమును గుఱించి సణుగుట ఏల?" అని తిరువూరి మిత్రులు కొందఱు మమ్ము నిలదీయుచున్నారు. మేము కాదను పక్షమున నిలిచితిమి. వేదాంతమును ఆశ్రయింపక, ప్లీడరు వృత్తి కనుగుణముగా ఒక దస్తావేజును పఠితల ముందుంచెదము.

1942 జూలై నెలలో, ఆగస్టు తీర్మానమునకు పూర్వమే, ఆంధ్రరాష్ట్ర కాంగ్రెసు సంఘమువారు జిల్లాలకొక సర్క్యులరు పంపిరి. అందుకు బాధ్యులు కళా వెంకటరావుగారు. తరువాత దానికి కర్నూలు సర్క్యులరని పేరు వచ్చెను. ఉప్పు చట్టమును ధిక్కరించుట, వకీళ్ళు కోర్టులను, విద్యార్థులు కళాశాలలను విడుచుట, గొలుసు లాగి రైళ్ళ నాపుట, టెలిగ్రాఫు తీగలను తెంచుట అందున్నవి. వానితోపాటు ఒక హెచ్చరికయు నున్నది: పట్టాలను తొలగింపరాదు, ప్రాణాపాయము కలుగనీయరాదు.

స్వరాజ్యముకన్న గొప్ప సాధ్యమేది? అట్టి సాధ్యమును చేతబట్టినవారే పట్టాకడ ఆగిరి. తీగ తెగినచో వార్త ఆగును. పట్టా ఊడినచో మొదట వచ్చు బండి సిపాయిలదా, పురిటికి పుట్టినింటికి పోవు ఆడుబిడ్డదా? ఊడదీసినవాడు చీకటిలో ఆ బండిని చూడనైన చూడడు.

ఎదుటి పక్షమువారి జవాబు తేలికైనది కాదు. "తీగ తెంచుటయు విధ్వంసమే. వైద్యునికై పంపిన తంతి అందక రోగి చచ్చిన నేమందురు? పైగా తెనాలిలో 1942 ఆగస్టు 12న పోలీసులు కాల్చగా ఏడుగురు నేలకొరిగిరి. కాల్చువారికి లేని నియమము కాల్పులకు గుఱియైనవారికేల?" అనిరి.

మొదటిదానిని కొంతవఱకు ఒప్పుకొందుము. తీగ తెంచుట నిర్దోషమని మేమనము; మాకైనచో ఆ అంశము లేకున్ననే బాగుండెడిది. కాని కీడు జరుగవచ్చునను పనికిని, కీడు తప్పదను పనికిని భేద మున్నదని ఏ మునసబునైన నడుగుడు. రెండవదానికి మా సమాధానమిది: తెనాలి రక్తము కాల్చినవారి తలమీదనే యున్నది. ఆ నేరమును వారిమీద మోపుటకు మనకు హక్కెక్కడిది? నిరపరాధులను చంపరాదను నియమము వలననే కదా! "మంచి సాధ్యమునకై ఎవరినైన చంపవచ్చు" నన్నచో, శాంతిభద్రతలే మా సాధ్యమని దొరలును అనియుందురు, అనిరి కూడ.

ఉప్పు వండినవాడును చట్టము మీరెను గదా యని ఒక మిత్రుడు అడ్డుతగిలెను. నిజమే. అతడు తన పేరు చెప్పి, తన చేతులకు బేడీలు వేయించుకొనెను; శిక్ష తానే అనుభవించెను. పట్టా తీసినవాని శిక్షను ఊరంతయు అనుభవించును. 1942లో సమష్టి జరిమానాలు ఆ విధముగనే విధింపబడెను. చేసినవాడెవడో తెలియక, చేయనివాడు చెల్లించెను.

1943లో ప్రభుత్వమువారు కాంగ్రెసుమీద నేరారోపణగా ఒక గ్రంథము ప్రకటించి, ఈ సర్క్యులరునే సాక్ష్యముగా చూపిరి. ముద్దాయిపక్షమున వకాల్తా పుచ్చుకొన్నవానికి అందు నిలువదగిన చోటు ఆ పట్టాల హెచ్చరికయే. ఎదుటి పక్షమువారి సిద్ధాంతముననుసరించి దానిని కొట్టివేసినచో, ఆ కేసును వారు ఏ వాక్యముమీద వాదింతురో సెలవీయవలెను.