ఫొటో చూసి విషం లేదని తేల్చేదెవరు?

వానలు పడ్డాక బీరంగూడ, అమీన్‌పూర్ వైపు గడ్డి పెరిగిన ఖాళీ ప్లాట్లకూ, మనకు మిగిలిన మళ్లకూ మధ్య గట్టు ఒక్కటే అడ్డం. పాము కనపడగానే ముందు ఫోన్ బయటికొస్తోంది. ఫొటో గ్రూపులో పడుతుంది. "తల మూడు మూలలుగా లేదు, విషం లేదు" అని ఎవరో తీర్పు చెప్తారు. ఇలాంటి తీర్పులు రైతు ప్రాణం మీదికి తెస్తాయని మేము గట్టిగా చెప్తున్నాం.

మూడు మూలల తల లెక్క పింజరలకే సరిపోతుంది. రక్తపింజరకు వెడల్పు తల, సన్నని మెడ, వీపు మీద మూడు వరుసల గొలుసు మచ్చలు ఉంటాయి. నాగుపాముకు, కట్లపాముకు అలాంటి తల ఉండదు. పడగ దించిన నాగు ఫొటోలో జెర్రిపోతులాగే కనపడుతుంది.

స్టార్టర్ డబ్బా కింద, నల్లటి ఒంటి మీద తెల్ల పట్టీలున్న పాము ఫొటో వచ్చిందనుకోండి. అది కట్లపాము కావచ్చు, ఉల్ఫ్ స్నేక్ అనే విషం లేని పామూ కావచ్చు. కట్లపాముకు పట్టీలు సన్నగా, తరచూ జంటలుగా ఉంటాయి. మెడ దగ్గర లేకుండా, తోక వైపు పోయేకొద్దీ తేటపడతాయి. రెండోదానికి మెడ నుంచే మొదలై తోక వైపు మాసిపోతాయి. అయితే పిల్ల కట్లపాములో ఈ లెక్క తప్పుతుంది, కొన్ని పెద్దవాటికి పట్టీలే కనపడవు. పైగా సగం ఫొటోల్లో తోక డబ్బా కిందే ఉంటుంది. నమ్మదగ్గ గుర్తు పొలుసే: కట్లపాముకు వెన్ను మధ్యన ఒక వరుస పొలుసులు మిగతావాటికంటే పెద్దవిగా, ఆరు మూలలుగా ఉంటాయి. రాత్రి టార్చి వెలుగులో అది ఫొటోలో పడాలంటే ఫోన్ మూరెడు దూరానికి పోవాలి. అంటే గుర్తు దొరికే చోటే కాటు కూడా దొరుకుతుంది! రెండు బారల దూరం నుంచి తీసిన ఫొటో చాలు, అదీ వీలైతేనే.

కొట్టి చంపి ఆసుపత్రికి పట్టుకు రమ్మనే పెద్దమనుషులకూ ఒక మాట. తెగిన పాము తల కూడా కొంతసేపు కరవగలదు. మన ఆసుపత్రుల్లో ఇచ్చే విషం విరుగుడు సూది మందు ఒక్కటే. అది నాగు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ పనిచేస్తుంది. డాక్టరు చూడాల్సింది మనిషిలో కనపడే లక్షణాలను. కట్లపాము కాటుకు నొప్పి, వాపు పెద్దగా ఉండవు, గాటు కూడా కనపడకపోవచ్చు. కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం తర్వాత మొదలవుతాయి. "విషం లేదు" అన్న మెసేజీ చూసి తెల్లారేదాకా పడుకున్నవాడికి ఊపిరి అందదు.

పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. రాత్రి పూట నీళ్లు కట్టేది మనం. కాబట్టి ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రాత్రి కూడా ఆ సూది మందు, ఇచ్చే డాక్టరు, ఊపిరి ఆగకుండా చూస్తూ పెద్దాసుపత్రికి చేర్చే అంబులెన్స్ ఉండాలని డిమాండ్ చేస్తున్నాం.