పల్చటి తెల్లజుట్టుకు పొట్టి కత్తిరింపు

ప్రశ్న: నాకు 64 ఏళ్లు. ఎనిమిది నెలల క్రితం తిరుమలలో తలనీలాలిచ్చాను. జుట్టు పూర్తిగా తెల్లగా, పల్చగా వచ్చింది. మెడ వెనక, చెవుల మీద గుబురుగా లేస్తోంది. నడినెత్తిన మాత్రం మాడు కనిపిస్తోంది. పెంచి సవరం పెట్టుకోమని అక్క, పొట్టిగానే ఉంచుకోమని కోడలు అంటున్నారు. పొట్టిగా ఉంచితే పూలు మానుకోవాల్సిందేనా?
- ఓ సోదరి, గురజాల

జవాబు: ఈసారికి మీ కోడలి మాటే వినండి. గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందని చాలామంది నమ్మకం. కానీ కుదుళ్ల సంఖ్య మారదు. కొత్త వెంట్రుకల కొసలు మొద్దుగా ఉంటాయి కనుక చేతికి ఒత్తుగా తగులుతాయి, అంతే. పల్చటి జుట్టు పొడవు పెరిగేకొద్దీ తన బరువుకే మాడుకు అతుక్కుపోతుంది, పాపిట వెడల్పవుతుంది. పైన సవరం కూడా లాగితే ఉన్నవీ రాలతాయి.

జుట్టు నెలకు సుమారు అర అంగుళం పెరుగుతుంది. గుండు తర్వాత అంతా ఒకే పొడవున వస్తుంది కాబట్టి, ఒత్తుగా ఉండే మెడ వెనక గుబురుగా లేచి, పల్చటి నడినెత్తి ఇంకా పల్చగా కనిపిస్తుంది. అందుకే కింద తగ్గించి, పైన వదలాలి.

పార్లర్‌లో 'బాయ్‌కట్' అని ఊరుకోకండి. అంతటా ఒకేలా తీసేస్తారు. మెడ వెనక, చెవుల చుట్టూ అంగుళం ఉంచి, పైకి వెళ్లేకొద్దీ పెంచుతూ నడినెత్తిన మూడంగుళాలు వదలమనండి. ముందు జుట్టు కనుబొమల దాకా ఉంచి ఓ పక్కకు దువ్వితే కణతల దగ్గర పల్చదనం మరుగున పడుతుంది, ముఖమూ మెత్తగా కనిపిస్తుంది. థిన్నింగ్ కత్తెర, రేజర్ వద్దు. అవి కొసల్ని మరీ సన్నం చేసేస్తాయి. తెల్లవెంట్రుకలు కొన్ని బిరుసుగా ఉండి ఆరాక పైకి లేస్తాయి. అందుకే జుట్టు దాదాపు ఆరాకే కత్తిరించమనండి. సుడి దగ్గర మరో అర అంగుళం వదిలించండి.

కత్తిరింపు అయ్యాక లైటు కింద కూర్చుని, వెనక మరో అద్దం పట్టించి చూసుకోండి. నడినెత్తిన మాడు ముందుకన్నా ఎక్కువ కనిపిస్తే అక్కడ మరీ పొట్టిగా తీసినట్లే. అది పెరిగేదాకా పైభాగం ముట్టుకోనివ్వద్దు. ఆరు వారాలకోసారి మెడ వెనక మాత్రం సరిచేయిస్తే చాలు. రోజూ నూనె రాస్తే వెంట్రుకలు పాయలుగా అతుక్కుని మాడు బయటపడుతుంది. తలస్నానానికి ముందురోజు రాత్రి రాసి, మర్నాడు కడిగేయండి.

ఏ కత్తిరింపైనా పల్చదనాన్ని కప్పుతుందే తప్ప తగ్గించదు. జుట్టు గుప్పెళ్లుగా ఊడుతున్నా, గుండ్రంగా మచ్చల్లా పోతున్నా ముందు చర్మవైద్యుల్ని కలవండి. థైరాయిడ్, ఇనుము లోపం వల్ల కూడా ఇలా జరగొచ్చు.

ఇక పూలంటారా? చెవి వెనక్కి దువ్విన మూడంగుళాల జుట్టుకు చిన్న క్లిప్పు నిలుస్తుంది. బరువైన దండ కాకుండా, దానికి నాలుగు మల్లెలు గుచ్చుకోండి.