గల్లాకు ఎన్ని అడుగులో అన్ని గింజలు

సెలవులకొచ్చిన మనవడు కలా ఆట పలక తెచ్చి మమ్మల్ని వరసగా మూడాటలు ఓడించాడు. "నీకు మళ్లీ ఆడే ఛాన్సు పడలేదు తాతా, అంతే" అని ఓదార్చాడు కూడా. అది ఛాన్సు కాదు, లెక్క అని మా అభిప్రాయం. మమ్మల్ని ఓడించింది మన పల్లాంగుళి అలవాటు.

పల్లాంగుళిలో, ఆంధ్రా వైపు వామనగుంటలంటారు, చేతిలో గింజలు అయిపోతే పక్క గుంటలోవి తీసి పంచుకుంటూ పోతాం. అందుకే గింజలు ఎక్కువున్న గుంటమీదికే చెయ్యి పోతుంది. 1940లలో అమెరికాలో ఛాంపియన్ అనే ఆయన ప్రచారంలోకి తెచ్చిన కలాలో అది పనికిరాదు. ఇందులో ఒక్కొక్కరికి 6 గుంటలు, గుంటకు 4 గింజలు, కుడిచేతి వైపు ఒక గల్లా గుంట. ఆఖరి గింజ మన గల్లాలో పడితే ఆట మళ్లీ మనదే.

గల్లా పక్క గుంటను 1 అనుకుని, ఎడమకు 6 దాకా లెక్కపెట్టండి. గుంట నంబరూ గింజల లెక్కా ఒకటైతే ఆఖరి గింజ గల్లాలోనే పడుతుంది. ఆట మొదట్లో అలా కుదిరేది 4వ గుంట ఒక్కటే.

ఇక వరస చూడండి. 3వ గుంటలో 3, 2వ గుంటలో 1, 1వ గుంట ఖాళీ అనుకుందాం. 3వది పంచితే 2వ దాంట్లో 2, 1వ దాంట్లో 1 అవుతాయి, మూడోది గల్లాకు. ఇప్పుడు రెండు గుంటలూ సరిపోయాయి. ముందు 1వది తీయాలి. తర్వాత 2వది పంచితే ఒకటి 1వ గుంటకు, ఒకటి గల్లాకు. చివరికి ఆ 1వది. నాలుగు గింజలూ గల్లాకు చేరాయి, ఆట ఇంకా మనదే. మేము తొందరపడి 2వది ముందు తీసేవాళ్లం. అప్పుడు 1వ గుంటలో రెండు గింజలై, వాటిని పంచితే ఆఖరిది ఎదుటివాళ్ల గుంటలో పడేది. అందుకే దగ్గరిది ముందు, దూరంది తర్వాత. ఒక గింజ తక్కువైన గుంట చెడ్డది కాదు, వెనక గుంట పంచితే నిండుతుంది. ఒకటి ఎక్కువైనదే చిక్కు, ఇంకో 12 గింజలు చేరితే తప్ప మళ్లీ లెక్క కుదరదు.

ఇంకొక్క జాగ్రత్త. ఎదుటివాళ్ల గింజలు వాళ్ల గల్లా దాటి వస్తే ముందు పడేది మన 6వ గుంటలో, తర్వాత 5లో. అక్కడ 6కి 6 కుదిరి ఉంటే, ఎదుటివాళ్ల కుడి చివర గుంటలో రెండు గింజలున్నా చాలు, మన లెక్క చెడుతుంది. అలాంటప్పుడు దగ్గర గుంటలు తీసేశాక 6వది కూడా అదే వంతులో తీసేయాలి, దాచుకోకూడదు.

నాలుగో ఆటలో గెలిచామా అంటే లేదు. కానీ వరసగా మూడుసార్లు ఆడాం. మనవడు ఈసారి ఓదార్చలేదు.