‘లక్షన్నరలో పడకగది’: ఎవరి లక్షన్నర?

ముందుగా నా తప్పు ఒప్పుకుని, ఆ తరువాతే ఇతరుల జోలికి వెళతాను. నేను రాజమండ్రిలో ఇంటీరియర్ డిజైనర్‌గా బతుకుతున్నవాణ్ణి. 2024 ఏప్రిల్‌లో ఇన్నీసుపేటలోని ఒక పాత ఇంట్లో కింది పడకగదిని బాగుచేసి, ముప్పై సెకన్ల రీలు తీసి, దాని కింద ఒకే వాక్యం రాశాను: ‘లక్షన్నరలో పడకగది రూపు మారింది!’ ఆ వాక్యంలో అబద్ధమైన అంకె ఒక్కటీ లేదు. అయినా అది అబద్ధమే.

జూన్‌లో కోటిపల్లి వైపు నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నా దగ్గరకు వచ్చారు. కూతురు పురిటికి వస్తోంది, గది సిద్ధం చేయాలన్నారు. బ్యాంకులో డిపాజిట్టు తీసి సరిగ్గా లక్షన్నర పక్కన పెట్టుకున్నారు. నేను లెక్క విప్పి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “అంకె నువ్వే చెప్పావు కదా బాబూ” అన్నారు. కోప్పడి ఉంటే బాగుండేది.

ఆ లెక్క ఏమిటో మీరూ చూడండి. గది పది అడుగులు, పన్నెండు అడుగులు. ఏడడుగుల చదరపు కబోర్డుకు 73,500 రూపాయలు, మంచానికి 38,000, సీలింగు, దీపాలు, రంగులు కలిపి 35,400. మొత్తం 1,46,900. నా లక్షన్నర ఇదే. దీనిలో గోడ చెమ్మకు చేసిన మరమ్మతు 14,000 లేదు. నా రుసుము 15,000 లేదు. ఈ మూడింటి మీద పడిన పద్దెనిమిది శాతం జీఎస్టీ, అంటే 31,662 లేదు. ఇంటివారే కొనుక్కున్న పరుపూ, తెరలూ 27,000. రీలులో కంటికి ఇంపుగా కనిపించేవి అవే, లెక్కలో కనిపించనివీ అవే. అన్నీ కలిపితే 2,34,562. రీలు చూసేవారికి కనిపించేది ఈ గది. వారికి నేను చెప్పినది వేరే గది ఖరీదు.

“రీలు కింద ఎవరు చదువుతారండీ?” అని నా వృత్తిలోని మిత్రులు అంటారు. మాస్టారు చదివారు. డబ్బు తీసి ఇచ్చేవారు తప్పకుండా చదువుతారు. చదవనివారితో మనకు పనే లేదు. “అయితే ఒక శ్రేణి ఇద్దాం, లక్ష నుంచి అయిదు లక్షల వరకూ” అనే మరో వర్గం ఉంది. ఇది మొదటి దానికన్నా గడుసు అబద్ధం. ఏది మారితే అంకె కిందికి దిగుతుందో, ఏది మారితే పైకి పోతుందో చెప్పని శ్రేణి వల్ల చెప్పినవాడికి రక్షణే గాని, విన్నవాడికి జ్ఞానం లేదు.

ఇక పని జరిగిన తీరు సంగతి. రీళ్ళలో అది ఎలా ఉంటుందో మీకు తెలుసు: మాసిన గది, ఒక చిటిక, మెరిసే గది. ఆ చిటికలో దాగినది మా గోదావరి డెల్టాలో ప్రధానంగా నీరు. కాలువల కింద నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. పాత ఇళ్ళకు పునాది మీద చెమ్మను ఆపే పొర ఉండదు. ఇటుక ఆ నీటిని పీల్చి మూడడుగుల దాకా ఎక్కిస్తుంది. నీరు ఆవిరై, వెంట తెచ్చిన ఉప్పు గోడ మీద తెల్లగా మిగులుతుంది.

దీన్ని పట్టుకోవడానికి యంత్రం అక్కరలేదు. అడుగు చదరపు ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు నాలుగు అంచులా టేపుతో మూసి అంటించి, రెండు రోజుల తరువాత చూడాలి. కాగితం లోపలివైపు చెమటలు పడితే నీరు గోడలోది. బయటివైపు పడితే గదిలోని గాలిది. మేము ఈ పరీక్ష చేశాం, తడి గోడలోదేనని తేలింది. నాలుగడుగుల ఎత్తు దాకా ప్లాస్టరింగు చెక్కించాం. ఇంతవరకూ పద్ధతే.

ఆ పైన రెండు తప్పులు చేశాను. తడిసిన గోడ ఆరడానికి అంగుళానికి ఒక నెల అని పాత మేస్త్రీలు వేసే లెక్క. అది పద్నాలుగు అంగుళాల గోడ. పూర్తిగా ఆరేదాకా ఎవరూ ఆగలేరు, ఒప్పుకుంటాను. కానీ నేను ఆగినది మూడు వారాలు. రెండవది, గానుగ సున్నంతో కట్టిన గోడకు సిమెంటు పూయించి, పైన ప్లాస్టిక్ ఎమల్షన్ వేయించాను. సున్నం పూత అయితే తడిని నెమ్మదిగా బయటికి వదిలేది. సిమెంటూ, రంగూ ఆ దారి మూశాయి. ఆగస్టులో మంచం తల వెనుక గోడ బుడగలు కట్టింది. చెక్కించి, ఈసారి సున్నమే పూయించాను, నా ఖర్చుతో. రీలు మాత్రం ఏప్రిల్ మెరుపుతోనే తిరుగుతూ ఉంది.

కాబట్టి నా వాదన ఇది: మా ప్రాంతంలో తాళాలు అప్పజెప్పిన రోజు తీసిన బొమ్మను ‘తరువాత’ అనడం తప్పు. ఒక వానాకాలం గడిచాక తీసినదే ‘తరువాత’. అంతదాకా ఆగలేనివారు కనీసం బొమ్మ తీసిన తేదీ అయినా రాయాలి.

నా పాత వాక్యం తీసివేసి, దాని స్థానంలో ఇది పెట్టాను:

‘ఈ గదికి అన్నీ కలిపి 2.35 లక్షలు (పన్ను, నా రుసుము, పరుపు, తెరలతో సహా). ఇలాంటి గదికి 1.9 నుంచి 2.6 లక్షలు. గోడ పొడిగా ఉండి, పరుపూ తెరలూ మీకే ఉంటే తగ్గుతుంది; నాలుగు గోడలకూ చెమ్మ ఉంటే పెరుగుతుంది. రాజమండ్రి, 10×12 అడుగులు, కింది అంతస్తు. బొమ్మలు ఏప్రిల్ 2024 నాటివి. ఆగస్టులో ఒక గోడ బుడగలు కట్టింది. తొందరపడి సిమెంటు పూయడం నా తప్పు. సున్నంతో మళ్ళీ చేశాం. కబోర్డు మెరైన్ ప్లైవుడ్ (ఐ.ఎస్. 710), గోడకు రెండు అంగుళాల ఎడంతో.’

ఇన్‌స్టాగ్రామ్ 2,200 అక్షరాల దాకా రాయనిస్తుంది. స్థలం లేదనే సాకు చెల్లదు. అయితే నొక్కకుండా కనిపించేవి మొదటి ఒకటి రెండు పంక్తులే కనుక, మొత్తం అంకె అక్కడే ఉండాలి. ‘షరతులు వర్తిస్తాయి’ అని అడుగున ఇంగ్లీషులో రాసి తప్పించుకోవడమూ కుదరదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ముఖ్య సమాచారాన్ని కావాలని దాచడాన్ని కూడా తప్పుదోవ పట్టించే ప్రకటనగానే లెక్కిస్తుంది. 2022లో వచ్చిన మార్గదర్శకాలు, ఏ భాషలో గొప్ప చెప్పామో ఆ భాషలోనే, ఆ అక్షరాలతోనే వివరణ ఇవ్వాలంటున్నాయి. తెలుగులో ఊరించి ఇంగ్లీషులో తప్పించుకునే అలవాటు మనకు బాగా తెలిసినదే కదా!

“నీ తప్పు నువ్వే రాసుకుంటే నీ దగ్గరకు ఎవరొస్తారు?” అన్నాడొక మిత్రుడు. నిజమే, ఫోన్లు తగ్గాయి. వస్తున్నవారు మాత్రం ధర కన్నా ముందు తమ గోడ సంగతి అడుగుతున్నారు. మాస్టారి గదికి ప్లాస్టిక్ కాగితం పరీక్ష చేసి, గోడా, కబోర్డూ మాత్రమే చేశాం. మంచం వారి తాతగారి నాటిదే. లక్షన్నర దాటలేదు. ఆ గది రీలు ఇంకా తీయలేదు. ఒక వాన చూసి తీస్తానని ఆయనకు మాటిచ్చాను.