వాయిదా తప్పితే దావా పోయినట్టేనా?

బళ్లారిలో తాతల నాటి నుంచీ ఉంటున్న ఒక తెలుగు కూలి తల్లి ఇంటి స్థలం కోసం దావా వేసిందనుకుందాం. మార్చి 4న వాయిదా. ఆ ఉదయమే కొడుక్కి జ్వరం ముదిరి ఆసుపత్రిలో చేర్చింది. ఆమె వకీలు వేరే కోర్టులో చిక్కుకుపోయాడు. ప్రతివాది వకీలు మాత్రం హాజరయ్యాడు. కోర్టు దావా కొట్టేసింది.

‘పోనీలే, మళ్లీ వేద్దాం’ అంటారు మనవాళ్లు. అదే ముంచుతుంది. ఇరుపక్షాలూ రాకపోయి ఉంటే, కాలపరిమితి మిగిలుంటే, కొత్త దావా వేయొచ్చు. ఇక్కడ ప్రతివాది వచ్చాడు గనుక సివిల్ ప్రొసీజర్ కోడ్ 9వ ఆర్డరు 9వ రూలు అదే కారణంపై కొత్త దావాకు ఒప్పుకోదు. పాత దావానే పునరుద్ధరించమని 30 రోజుల్లో, అంటే ఏప్రిల్ 3లోగా, అదే కోర్టులో అర్జీ వేయాలి. గడువు దాటితే ఆలస్యాన్ని మన్నించమని మరో అర్జీ కావాలి.

అఫిడవిట్‌లో పేదరికమంతా ఏకరువు పెట్టడం మనకు అలవాటు. కోర్టు అడిగేది ముఖ్యంగా ఆ ఒక్క రోజు గురించి. ఏ గంటకు ఆసుపత్రికి వెళ్లింది, వకీలు ఎందుకు రాలేదు అన్నవి రాసి, ఆసుపత్రి చీటీ జతచేయాలి. వకీలు గైర్హాజరుకు నిర్దోషి కక్షిదారు నష్టపోకూడదని 1981లో రఫీక్ కేసులో సుప్రీంకోర్టు అంది. అయినా ఆ మాట మీదే భారం వేసి కూర్చోకూడదు.

తగిన కారణం చూపితే కోర్టు దావాను పునరుద్ధరించాల్సిందే. కాకపోతే ఖర్చులు కట్టమనవచ్చు. నా అభ్యంతరం అక్కడే. పది రోజుల కూలి కట్టమంటే తెరిచిన తలుపు మళ్లీ మూసినట్టే. ఆమె రోజు కూలి ఎంతో అర్జీలోనే రాసి, ఖర్చులు వేయవద్దని వకీలు అడగాలి.