పిన్‌ని గాల్లో వదిలేసి కోడ్‌ని తిడతామా?

మన సీఎస్ఈ వాళ్లకి ఒక జబ్బుంది. ఏది పనిచేయకపోయినా ముందు కోడ్ మారుస్తాం. నేనూ అంతే. ఆర్డుయినో ఊనోలో రెండో పిన్‌కీ 5 వోల్టులకీ మధ్య బటన్ పెట్టాను. నొక్కకుండానే, చెయ్యి దగ్గరికి తెస్తే చాలు, ఎల్ఈడీ మిణుకుమిణుకుమంటోంది. డిలే పెంచుతూ గంట పోగొట్టాను.

తప్పు కోడ్‌లో లేదు. బటన్ వదిలితే ఆ పిన్ దేనికీ కలిసి ఉండదు. అది సున్నా కాదు, ఫ్లోటింగ్. యాంటెన్నాలా చుట్టుపక్కల కరెంటు వైర్ల రొదంతా పట్టుకుంటుంది. పిన్ నుంచి గ్రౌండ్‌కి 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెడితే, వదిలినప్పుడు సున్నాకి లాగుతుంది. అదే పుల్-డౌన్. నొక్కినప్పుడు దాన్లో పారేది 0.5 మిల్లీఆంపియర్లే. రెసిస్టర్ బదులు ఉత్త వైరు పెట్టారా, నొక్కగానే షార్ట్!

నా ఓటు మాత్రం పుల్-అప్‌కే. బటన్‌ని పిన్‌కీ గ్రౌండ్‌కీ మధ్యకి మార్చి ఈ లైన్ రాస్తే, చిప్ లోపలి రెసిస్టరే సరిపోతుంది:

```
pinMode(2, INPUT_PULLUP);
```

ఇప్పుడు నొక్కితే LOW. మొదట్లో తిక్కగా ఉంటుంది, అలవాటైపోతుంది.

అవుట్‌పుట్‌లకీ ఇదే గొడవ. మామూలు పుష్-పుల్ పిన్ పైకీ లాగుతుంది, కిందకీ లాగుతుంది. అలాంటివి రెండు ఒకే వైరుకి కలిపితే, ఒకటి HIGH, ఇంకోటి LOW అన్నప్పుడు పిన్‌లు కాలిపోవచ్చు. అందుకే ఐ టూ సీ సెన్సర్లు ఓపెన్-డ్రెయిన్. కిందకి లాగడం, లేదా వదిలేయడం, అంతే. పైకి లాగాల్సింది పుల్-అప్. సెన్సర్ బోర్డు మీద అది లేకపోతే SDA, SCL రెండింటి నుంచీ సెన్సర్ సప్లైకి చెరో 4.7 కిలో ఓమ్‌లు పెట్టండి. పెట్టకపోతే అడ్రస్ ఒకసారి దొరుకుతుంది, ఒకసారి దొరకదు. మనమేమో లైబ్రరీలు మారుస్తూ కూర్చుంటాం.